సీలింగుకు ఎన్ని బస్తాలు: లెక్క ముందే రాసి పెట్టుకోండి

(పోయిన సెలవు రోజు సాయంత్రం క్యాంపు మెస్ హాల్లో మన ప్లాస్టరింగ్ అన్న ఒకాయన చెప్పిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం.)



నేను ఇరవై ఏళ్ల నుంచి సీలింగు పనే చేస్తున్నాను. ఊర్లో పీఓపీ, ఇక్కడ జిప్సం ప్లాస్టర్. చెయ్యి తిరగడం అందరికీ వస్తుంది. ఈరోజు చేతి పని గురించి చెప్పను, బస్తాల లెక్క చెప్తాను. ఆ లెక్క రాకనే ఒకసారి నా మీద, నాతో పనిచేసిన ముగ్గురి మీద దొంగతనం మాట పడింది.

ఒక బిల్డింగులో మొదటి ఫ్లోరు సీలింగులు మాకు ఇచ్చారు. పన్నెండు రూములు, అన్నీ ఒకే సైజు. ఫోర్‌మన్ రూముకు నాలుగు బస్తాల చొప్పున 48 రాసిచ్చాడు. పని అయ్యేసరికి 87 పట్టాయి. "మిగతా 39 ఎక్కడ అమ్మారు?" అని అడిగాడు. మేం అమ్మలేదు, అంతా సీలింగు మీదనే ఉంది. కానీ చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. మా నలుగురి ఓటీ డబ్బులు కోసేశారు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చొని ఆలోచిస్తే తెలిసింది. ఫోర్‌మన్ రూము కొలత సరిగ్గానే వేశాడు. మందం దగ్గర తప్పాడు. డ్రాయింగులో "కనీసం 6 మిల్లీ" అని ఉంటే, సీలింగు అంతా 6 మిల్లీనే అనుకున్నాడు. కనీసం అంటే స్లాబు అన్నిటికన్నా కిందికి దిగిన చోట 6. మిగతా చోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. స్లాబు ఎక్కడా అద్దంలాగా సమంగా ఉండదు కదా.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీ మందం అంటే సరిగ్గా ఒక లీటరు. కాబట్టి బస్తాను కిలోల్లో కాదు, లీటర్లలో చూడండి.

బస్తా మీద ఏం రాసి ఉందో చదవండి. మేం వాడిన 25 కిలోల బస్తా మీద "10 మిల్లీ మందంతో 2.5 చదరపు మీటర్లు" అని ఉంది. 2.5ను 10తో గుణిస్తే 25. అంటే ఆ బస్తా కలిపి పూస్తే 25 లీటర్ల పని వస్తుంది. వేరే కంపెనీ బస్తాకు ఈ అంకె మారుతుంది, అందుకే ప్రతిసారీ చదవాలి. కొందరు 2.5 మీటర్లు అన్న మాట ఒక్కటే చూసి, పక్కనున్న మందం వదిలేస్తారు. మందం లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

తర్వాత అసలు మందం కొలవాలి. గోడల మీద లేజర్‌తో ఒక లెవెల్ గీత వేయండి. సీలింగును మనసులో తొమ్మిది సమానమైన గళ్లు చేయండి. ప్రతి గడి మధ్యలో, లేజర్ లెవెల్ నుంచి పైన స్లాబు దాకా టేపుతో కొలవండి. మూలల్లో మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే స్లాబు మామూలుగా నడుమ కిందికి దిగి ఉంటుంది.

మా రూము కొలతలు చెప్తాను, రాసుకోండి: 1648, 1645, 1642, 1648, 1640, 1643, 1649, 1644, 1646. తక్కువ అంకె 1640. అంటే స్లాబు అక్కడ అన్నిటికన్నా కిందికి ఉంది. అక్కడ 6 మిల్లీ వేయాలి కాబట్టి మన ఫినిష్ లెవెల్ 1634. ఇప్పుడు ఒక్కో కొలతలోంచి 1634 తీసేస్తే ఆ చోట మందం వస్తుంది: 14, 11, 8, 14, 6, 9, 15, 10, 12. అన్నీ కలిపితే 99. తొమ్మిదితో భాగిస్తే 11. ఫోర్‌మన్ అనుకున్నది 6, నిజంగా పడేది సగటున 11.

రూము 4.2 మీటర్లు, 3.6 మీటర్లు. గుణిస్తే 15.12 చదరపు మీటర్లు. దాన్ని 11తో గుణిస్తే 166 లీటర్లు. 25తో భాగిస్తే 6.65 బస్తాలు. కింద పడేది, బకెట్లో గట్టిపడేది కలిపి పదిశాతం వేసుకుంటే 7.32.

ఇక్కడ ఒక జాగ్రత్త. రూముకు 7.32 వచ్చిందని ప్రతి రూముకూ 8 రాస్తే పన్నెండు రూములకు 96 అవుతుంది. అలా వద్దు. ముందు 7.32ను పన్నెండుతో గుణించి, చివర్లో ఒక్కసారే పై అంకెకు తెచ్చుకోండి. 88 వస్తుంది. ఎనిమిది బస్తాలు ఎక్కువ అడిగితే, అవి మిగిలినప్పుడు మళ్లీ మనల్నే అడుగుతారు.

రెండో ఫ్లోరుకు ఇలాగే చేశాం. ప్రతి రూము తొమ్మిది కొలతలూ నోట్‌బుక్కులో రాసి, పని మొదలుపెట్టకముందే ఫోర్‌మన్ దగ్గర సంతకం పెట్టించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. రూములు కొంచెం అటూ ఇటూ ఉన్నా మొత్తం లెక్క 88 దగ్గరకే వచ్చింది. 86 పట్టాయి. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు.

మొదటి రూము అయిపోగానే బస్తాలు లెక్కపెట్టండి. ఏడు అనుకున్నచోట తొమ్మిది పడితే ఆగి చూడాలి. మొదట లెవెల్ బొట్ల దగ్గర మందం మళ్లీ కొలవండి, ఫినిష్ లెవెల్ కిందికి జారి ఉండొచ్చు. రెండు మిల్లీ జారితే ఈ రూములో 30 లీటర్లు, అంటే ఒక బస్తా పైనే పోతుంది. మందం సరిగానే ఉంటే బకెట్ చూడండి. ఎక్కువ కలిపి, సగం గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి వాడే అలవాటు కొందరికి ఉంది. అది పట్టు ఉండదు, తర్వాత ఊడుతుంది. ఎంత పూయగలరో అంతే కలపండి. అదీ కాకపోతే బస్తా తూకం వేయండి, లోపల గడ్డలు కట్టిందేమో చూడండి. తేమ తగిలిన మాల్ సరిగా పనిచేయదు.

ఇంకొక మాట. ఏదైనా గడిలో మందం బస్తా మీద సీలింగుకు రాసిన గరిష్ఠ మందం దాటితే, ఎన్ని బస్తాలు అని లెక్క వేయకండి. ముందు ఫోర్‌మన్‌కు చూపించండి. పైకప్పు మీద మందంగా వేసిన ప్లాస్టర్ బరువుకు పెచ్చులుగా ఊడి తల మీద పడుతుంది. పుట్టీతో నింపుదాం అనే మాట కూడా వినకండి. పుట్టీ ఒకటి రెండు మిల్లీల పొర కోసం, గుంటలు పూడ్చడానికి కాదు. పుట్టీ బస్తాలకు కూడా ఇదే లీటర్ల లెక్క పనిచేస్తుంది, దాని మీద రాసిన అంకెలు తీసుకోండి చాలు.

రేపు కొత్త రూములోకి పోయినప్పుడు తాపీ తీయకముందు టేపు తీయండి. తొమ్మిది అంకెలు రాయడానికి పది నిమిషాలు పడుతుంది. మాకు ఓటీ పోయింది ఆ పది నిమిషాలు పెట్టకనే.