ఏది స్థిరంగా ఉంచారు?
మాక్స్‌వెల్ సంబంధాలు, ఒక పాత తగాదా: స్మారకోపన్యాసం

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి పాండిత్యం గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నేను కలిపేది ఒక్క మాట. ల్యాబ్ రికార్డులో పాక్షిక అవకలజం రాసి, బ్రాకెట్ పక్కన కింద రావలసిన చిన్న అక్షరం మరిచిపోతే ఆయన పేజీ మొత్తం కొట్టేసేవారు. "ఏది స్థిరంగా ఉంచావో చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే" అనేవారు. ఆ కోపం నాకూ అంటుకుంది. ఈ సాయంత్రం దాన్ని ఎక్కడ వాడబోతున్నానో మీలో కొందరికి తెలుసు.

తెలిసిన దారి త్వరగా దాటుదాం. గిబ్స్ స్వేచ్ఛాశక్తి G ఉష్ణోగ్రతకూ పీడనానికీ ప్రమేయం: dG = −S dT + V dP. ముందు T తో, తర్వాత P తో అవకలనం చేసినా, వరస మార్చి చేసినా ఒకే ఫలితం రావాలి. అంటే (∂S/∂P)_T = −(∂V/∂T)_P. పీడనం పెంచితే ఎంట్రోపీ ఎంత మారుతుందో చూపే మీటరు ఎక్కడా లేదు. వేడి చేస్తే వస్తువు ఎంత వ్యాకోచిస్తుందో మాత్రం ఎవరైనా కొలవగలరు. మిగతా మూడు శక్తి ప్రమేయాల నుంచీ ఇలాగే ఒక్కో సంబంధం వస్తుంది. మాక్స్‌వెల్ వీటిని 1871 నాటి తన పుస్తకంలో జ్యామితితో రాబట్టాడు.

వీటి ఉపయోగానికి రాగి చాలు. ఘనపరిమాణం మారకుండా రాగి విశిష్టోష్ణం కొలవాలంటే, ఒక్క డిగ్రీ వేడెక్కినప్పుడు అది వ్యాకోచించకుండా ఆపడానికే దాదాపు 70 వాతావరణ పీడనాలు కావాలి. అంత బలంగా బిగించే పాత్ర కూడా రాగితోపాటే వేడెక్కుతుంది. కాబట్టి ఎవరూ ఆ పనికి పూనుకోరు. Cp − Cv = TVα²/κ అన్న సూత్రంలో వ్యాకోచ గుణకం α నీ, సంపీడ్యత κ నీ వేస్తే గది ఉష్ణోగ్రత దగ్గర మోలుకు సుమారు 0.7 జౌళ్ల తేడా వస్తుంది. కొలిచిన 24.4 లోంచి దాన్ని తీసేస్తే Cv వచ్చేస్తుంది. ఇందులో వివాదం లేదు.

వివాదం అయస్కాంతాల దగ్గర మొదలవుతుంది. క్షేత్రం B ని చేర్చితే dG లోకి −M dB వస్తుంది. దాన్నుంచి (∂S/∂B)_T = (∂M/∂T)_B. అయస్కాంత శీతలీకరణ మీద పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ పనిముట్టు. కొన్ని ఉష్ణోగ్రతల దగ్గర M–B వక్రాలు గీస్తారు, పక్కపక్క వక్రాల మధ్య వైశాల్యాన్ని ఉష్ణోగ్రతల తేడాతో భాగిస్తారు. ఎంట్రోపీ మార్పు చేతికొస్తుంది, క్యాలరీమీటరు అక్కర్లేదు.

1997లో పెచార్‌స్కీ, ష్నైడ్నర్ గడోలినియం–సిలికాన్–జెర్మేనియం మిశ్రమంలో అసాధారణమైన మార్పు చూపించారు. 1999లో జిగేర్ బృందం అభ్యంతరం తెలిపింది. ఇది మొదటి తరగతి పరివర్తన, M ఒక్కసారిగా దూకుతుంది, కనుక మాక్స్‌వెల్ సంబంధం ఇక్కడ చెల్లదు, క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణమే వాడాలి అన్నారు. మరుసటి ఏడాదే జవాబులు వచ్చాయి. ఆ సమీకరణం మాక్స్‌వెల్ సంబంధం నుంచే పుడుతుందని సన్, హు, షెన్ చూపించారు. ఆ గణితంలో తప్పులేదు. దూకుడును సమాకలనం చేస్తే సరిగ్గా ΔM·dB/dT వస్తుంది.

నా పోరు ఆ తర్వాతి అడుగుతో. సంబంధం చెల్లుతుంది కనుక దానితో తీసిన అంకెలూ చెల్లుతాయని రంగం మొత్తం ఊపిరి పీల్చుకుంది. పరివర్తన ఎన్నో తరగతిదన్న ప్రశ్న మీద ఇరుపక్షాలూ కొట్టుకున్నాయి. M నిజంగా T, B లకు మాత్రమే ప్రమేయమా, లేక నమూనా నిన్న ఎక్కడుందన్నదానికి కూడానా అని ఎవరూ గట్టిగా అడగలేదు. రెండోదే నిజమైతే G అన్న ప్రమేయమే లేదు. దాని అవకలజాల వరస మార్చే హక్కూ లేదు.

2004లో గామా బృందం పీడనం కింద మాంగనీస్ ఆర్సెనైడ్‌లో, 5 టెస్లాల మార్పుకు, కిలోకు కెల్విన్‌కు 267 జౌళ్లు ప్రకటించింది. మాంగనీస్ స్పిన్‌లన్నీ పూర్తి క్రమం నుంచి పూర్తి అక్రమానికి వెళ్లినా R ln 5 మాత్రమే, అంటే 103 జౌళ్లు. మిగతాది జాలకం నుంచి వచ్చిందన్నారు. నేనా వివరణను ఏనాడూ ఒప్పుకోలేదు. ఎందుకో బోర్డు మీద లెక్కతో చూపిస్తాను.

వీలైన అంకెలు తీసుకుందాం. ఫెర్రో అయస్కాంత స్థితిలో M కిలోకు 100 జౌల్/టెస్లా, పారా స్థితిలో దాదాపు సున్న. పరివర్తన ఉష్ణోగ్రత టెస్లాకు 4 కెల్విన్‌లు పైకి జరుగుతుంది. క్షేత్రాన్ని ఇక్కడా 5 టెస్లాల దాకా ఎక్కిద్దాం. అప్పుడు నిజమైన మార్పు 100/4, అంటే 25 జౌళ్లు. ఈ పదార్థంలో హిస్టెరిసిస్ 10 కెల్విన్‌ల మేర ఉంటుంది: చల్లబరిస్తే ఒకచోట, వేడిచేస్తే దానికి 10 పైన మారుతుంది. ఇప్పుడు వేడిచేస్తూ ఒక్కో కెల్విన్‌కు ఒక్కో వక్రం గీయండి. పై హద్దుకు కాస్త కింద నమూనా సున్న క్షేత్రంలో కూడా ఫెర్రోగానే మిగిలి ఉంటుంది, వక్రం మొదట్లోనే 100కు లేస్తుంది. ఒక్క కెల్విన్ పైకి వెళ్తే నమూనా పారా అయిపోయింది. దాన్ని మళ్లీ ఫెర్రోగా మార్చాలంటే చల్లార్చే హద్దు దాటాలి, అంటే 10/4 = 2.5 టెస్లాలు ఎక్కించాలి. ఈ రెండు వక్రాల మధ్య వైశాల్యం 250. ఒక కెల్విన్‌తో భాగిస్తే 250 జౌళ్ల శిఖరం. పక్కనే 25 జౌళ్ల చదును నేల.

ఈ 250 ఎక్కడిది? క్షేత్రం ఎక్కించినప్పుడు జరిగిన మార్పు కాదిది. ఒక వక్రం ఫెర్రో నమూనాది, పక్కది పారా నమూనాది. రెంటినీ తీసివేసి ఒకే వస్తువు అవకలజమని రాశాం. కింద B స్థిరమని రాసుకున్నాం గానీ, ఫెర్రో భాగం స్థిరంగా లేదు.

దొంగ శిఖరాన్ని పట్టడం కష్టం కాదు. వక్రాల ఎడం అర కెల్విన్‌కు తగ్గిస్తే పై లెక్కలో శిఖరం 500 అవుతుంది. కొలిచే తీరును బట్టి రెట్టింపయ్యేది పదార్థం గుణం కాదు. 25 మాత్రం చెక్కుచెదరదు. 2007లో లియు బృందం రెండు ప్రావస్థలు కలిసి ఉన్నచోట శిఖరం ఇలాగే పుడుతుందని వివరించింది. 2009లో తొకాదో, పలాసియోస్, బురియెల్ మాంగనీస్ ఆర్సెనైడ్‌నే తీసుకుని ఉష్ణ కొలతలతో సరిచూశారు. అదే ఏడాది కారన్ బృందం విరుగుడు చెప్పింది: ప్రతి వక్రానికి ముందు నమూనాను పూర్తిగా పారా స్థితికి వేడిచేసి, క్షేత్రం లేకుండా చల్లార్చి, అప్పుడు కొలవాలి. పై లెక్కలో అలా చేస్తే 25 జౌళ్ల చదును 20 కెల్విన్‌ల పొడవునా వస్తుంది, శిఖరం ఉండదు.

అయినా విరుగుడు పాటించామో లేదో చెప్పకుండా శిఖరాలు ఇంకా అచ్చవుతున్నాయి. "శిఖరాన్ని పట్టించుకోం, చదునునే వాడతాం" అని ఒక సమీక్షకుడు నాకు రాశారు. ఒప్పుకోను. పై లెక్కలో వేడిచేస్తూ కొలిస్తే చదును పొడవు 10 కెల్విన్‌లే, సరైన పద్ధతిలో 20. రెండు పద్ధతుల్లోనూ మొత్తం వైశాల్యం 500 దగ్గరే ఉంటుంది. శిఖరం తిన్నది చదునులోంచే. దాన్ని కోసి పారేస్తే శీతలీకరణ సామర్థ్యంలో సగం దానితోపాటే పోతుంది.

అందుకే మా ప్రయోగశాలలో పాత నమూనాలను మళ్లీ తీశాం. ఒక్కోదాన్ని మూడు విధాలుగా కొలుస్తున్నాం: వేడిచేస్తూ, చల్లారుస్తూ, ప్రతి వక్రానికీ ముందు పారాకు తీసుకెళ్లి. నాలుగోది క్షేత్రంలోనే పెట్టిన క్యాలరీమీటరు. తయారవుతున్న పట్టికలో ప్రతి అంకె పక్కనా ఒక గడి ఉంది, నమూనా ఏ దారిన ఆ ఉష్ణోగ్రతకు వచ్చిందో అందులో రాస్తాం. తర్వాత పీడనంతో చల్లబరిచే పదార్థాలకు వెళ్తాం. అక్కడ మనం మొదట చూసిన −(∂V/∂T)_P నే వాడుతున్నారు, అక్కడా హిస్టెరిసిస్ ఉంది. మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి పరివర్తనల ముడి వక్రాలుంటే, కొలిచిన వరసతో సహా మాకు పంపండి. ఎంట్రోపీ విలువలు అక్కర్లేదు, వక్రాలు చాలు.