కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు మార్పుల చీటీ

కొట్టులో బిల్లింగ్ యాప్ మారినప్పుడు, ప్రోగ్రామర్ "రౌండింగ్ లాజిక్ సవరించాం" అని రాసి ఊరుకుంటే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి ఏం తెలుస్తుంది? ఆమెకు కావలసింది లెక్క. చీటీ ఇలా ఉండాలి:

"33.40 రూపాయల ప్యాకెట్లు మూడు కొంటే, ఇదివరకు ఒక్కోదాన్ని 33కి సరిచేసి 99 వేసేది. సోమవారం నుంచి మొత్తం 100.20 అని లెక్కకట్టి, చివర్లో ఒక్కసారే 100కి సరిచేస్తుంది. పాత బిల్లుతో సరుకు వాపసు తెస్తే, ఆ బిల్లులో ఉన్న ధరే తిరిగి ఇవ్వండి."

ఇంకో మాట తప్పకుండా రాయాలి. తెర అడుగున వెర్షన్ 2.4 అని కనిపించకపోతే పేజీని రీలోడ్ చేయాలి. రాత్రంతా బ్రౌజర్ తెరిచే ఉంచితే పాత పేజీయే నడుస్తూ ఉండొచ్చు. పక్కపక్క కౌంటర్లలో ఒకే సరుక్కి రెండు మొత్తాలు వస్తున్నాయంటే, ముందుగా చూడాల్సింది ఆ వెర్షన్ నంబరే.