పలక కంటే ముందు చప్పట్లు



"నాలుగేళ్లు నిండాయి, ఇంకా ఆటలేనా? పలక మీద ఒక్క అక్షరమైనా లేదు" అని అంగన్‌వాడీ టీచరును నిలదీసే తల్లిదండ్రులు మన బస్తీలలో అనేకులు. బిడ్డ చదువుతోనే పేదరికాన్ని దాటాలన్న ఆరాటం అది. దానిని తప్పుపట్టరాదు. టీచరు వారితో వాదించడం కంటే చూపించడం మేలు.

తల్లిని పక్కన కూర్చోబెట్టి, బిడ్డచేత 'పలక' అన్న మాటకు చప్పట్లు కొట్టించాలి. ప-ల-క, మూడు చప్పట్లు. ఆపై ఆ మాటను రాసి చూపితే అక్షరాలూ మూడే. మాటను ఇలా విడదీయగల బిడ్డకు అక్షరం దేనికి గుర్తో బోధపడుతుంది. విడదీయలేని బిడ్డ ఎన్నిసార్లు దిద్దినా ఆకారాన్నే గుర్తుంచుకుంటాడు. వరుస మార్చి అడిగితే తడబడతాడు.

ఇంట ఉర్దూ మాట్లాడే బిడ్డకు ఈ ఆట 'బకరీ'తో మొదలుకావాలి. తెలియని మాటను విడదీయమంటే బిడ్డ మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని మందబుద్ధిగా లెక్కించడం అన్యాయం.

అయితే పిల్లలను ఊరకే వదిలివేయడం ఆటల ద్వారా బోధన కాదు. మొదట చప్పట్లు, తర్వాత 'బ'తో మొదలయ్యే మాటలు ఏరడం, ఆపైన అక్షరం. ఇప్పుడు బిడ్డ ఏ మెట్టుమీద ఉన్నాడో టీచరు చెప్పగలగాలి.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దశకు ఆటల ద్వారా బోధననే సూచించింది, ఇంటి భాషనూ సమర్థించింది. కనుక మనం అడగవలసింది తొందరపాటు దిద్దుబాటును కాదు, ఈ క్రమాన్ని, ఉర్దూ తెలిసిన టీచరును.