రద్దయిన ఆర్డరు: బయానాలో దుకాణదారుని హక్కు ఎంత?

 

ఒకరి సొమ్మును ఒకరు అధర్మంగా తినరాదనీ, ఉభయుల సమ్మతితో జరిగే వర్తకం మాత్రమే ధర్మసమ్మతమనీ నిసా సూరా 29వ ఆయతు మనకు బోధిస్తున్నది. ఈ ఆజ్ఞ వెలుగులో మన కొత్తగూడెం బజారులో నిత్యం తలెత్తే ఒక తగవును నేడు పరిశీలిద్దాం. ఆర్డరు ఇచ్చిన వ్యక్తి దానిని రద్దు చేసుకుంటే అతడు ముందుగా కట్టిన అడ్వాన్సులో దుకాణదారుడు ఎంత ఉంచుకోవచ్చు? ఎంత తిరిగి ఇవ్వాలి?

సింగరేణి జీతాలు, లాభాల వాటా, బోనసు చేతికి అందే రోజుల్లో మన ఊరిలో ఆర్డర్లు ముమ్మరమవుతాయి. కూతురి పెళ్ళికి మంచం, బీరువా, వలీమాకు వంట, షామియానా, షేర్వానీ కుట్టు, అన్నిటికీ ముందుగా కొంత సొమ్ము కడతారు. ఈ పనులలో ఉన్నవారిలో మన సోదరులు అనేకులు. కనుక ఈ తగవులో మనం రెండు వైపులా నిలబడి ఉన్నాం. అనేక రసీదుల అడుగున చిన్న అక్షరాలతో ‘ఆర్డరు రద్దయినచో అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. అది రాసి ఉన్నది గనుక మొత్తం సొమ్ము తనకు హలాల్ అయిపోయిందని దుకాణదారుడు తలుస్తాడు. కొనేవాడేమో, వస్తువు తీసుకోలేదు గనుక పైసా పైసా తనదేనంటాడు. ఇద్దరి మాటలోనూ పొరపాటు ఉన్నది.

మనం ‘బయానా’ అనే మాట అరబీలోని ‘బైఅ’, అనగా అమ్మకం, నుండి వచ్చింది. బేరం కుదిరితే ధరలో కలిసిపోయి, కుదరకపోతే అమ్మినవానికే మిగిలిపోయే సొమ్మును ఫిఖ్హ్ గ్రంథాలు ‘ఉర్బూన్’ అంటాయి. ఇటువంటి అమ్మకాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారించారని తెలిపే హదీసు ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలోనూ, అబూ దావూద్ సంకలనంలోనూ ఉన్నది. హనఫీ, మాలికీ, షాఫయీ పండితులు ఈ వారింపునే స్వీకరించారు. బదులుగా ఏమీ ఇవ్వకుండా ఎదుటివాని సొమ్ము ఉంచుకోవడం అధర్మమన్నది వారి వాదం.

ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ గారు ఆ హదీసు పరంపర బలహీనమైనదని భావించి దీనిని అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) కాలంలో మక్కాలో చెరసాల కోసం నాఫె బిన్ అబ్దుల్ హారిస్ గారు సఫ్వాన్ బిన్ ఉమయ్యా గారి ఇంటిని కొన్నారు. ఉమర్ గారు సమ్మతిస్తే బేరం ఖాయం, లేనియెడల సఫ్వాన్ గారికి నాలుగు వందలు అన్నది షరతు. హంబలీల ఆధారం ఇదే. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా, ఎంతకాలంలోగా తేల్చుకోవాలో గడువు నిర్ణయించుకున్నట్లయితే ఉర్బూన్ చెల్లుతుందని తీర్మానించింది.

మన ప్రాంతంలో అత్యధికులు హనఫీ మార్గాన్ని అనుసరించేవారు. అయితే ఇక్కడ ఒక తేడాను గమనించాలి. దుకాణంలో సిద్ధంగా ఉన్న మంచాన్ని ‘నా కోసం ఉంచండి’ అని సొమ్ము కట్టడం వేరు, కొలతలిచ్చి కొత్తగా చేయించుకోవడం వేరు. మొదటిది మామూలు అమ్మకం. రద్దయితే ఆ మంచం మళ్ళీ అమ్ముడుపోతుంది గనుక నష్టం సాధారణంగా శూన్యం. రెండవదానిని ‘ఇస్తిస్నా’ అంటారు. దీనిలో వస్తువు చేసి చూపేవరకు ఎవరైనా తప్పుకోవచ్చునన్న అభిప్రాయం హనఫీలలో ఉండేది. కాని ఇమామ్ అబూ యూసుఫ్ గారు, కోరిన విధంగా చేసి ఇచ్చినపుడు కొనేవాడు కాదనడం చేసేవానికి హాని అని గుర్తించారు. ఉస్మానీ రాజ్యంలో 1876లో పూర్తయిన ‘మజల్లా’ న్యాయసంహిత 392వ నిబంధన మరొక అడుగు ముందుకు వేసి, ఒప్పందం కుదిరాక ఇద్దరిలో ఎవరూ ఏకపక్షంగా తప్పుకోరాదన్నది. ఆర్డరు పని చేసేవానికి నష్టపరిహారం కోరే హక్కు ఇక్కడినుంచే పుడుతున్నది. ఆ హక్కు నష్టానికే గాని అడ్వాన్సు మొత్తానికి కాదు.

ఒక లెక్క చూద్దాం. ఒక గని కార్మికుడు కూతురి పెళ్ళికి టేకు మంచం, అద్దం బిగించిన బీరువా కలిపి 80,000 రూపాయలకు ఆర్డరిచ్చి 30,000 అడ్వాన్సు కట్టాడనుకుందాం. తొమ్మిదవ రోజున సంబంధం తప్పిపోయింది. అతడు వచ్చి, వద్దని చెప్పాడు. అప్పటికి వడ్రంగి ఏమి చేశాడు? 22,000 పెట్టి టేకు కొన్నాడు. దానిలో 15,000 విలువైన కలప ఇంకా కోయలేదు. అది అలాగే మరో ఆర్డరుకు పనికివస్తుంది కాబట్టి నష్టం కాదు. 7,000 విలువైన కలపను కొలతకు కోశాడు. ఆ ముక్కలు స్టూళ్ళకో, కిటికీ చట్రాలకో వాడితే 3,000 రాబట్టవచ్చు. నష్టం 4,000. కోత, చిత్రిక మిషను కూలి 1,200. మంచం తలాపి పలకపై నగిషీ చెక్కినవానికి ఇచ్చింది 2,500. కొలతకు కోయించిన అద్దం 1,600. దానిని అద్దాల దుకాణం వెనక్కి తీసుకోదు. ఆటో కిరాయి 450. మొత్తం 9,750 రూపాయలు. ఇది వడ్రంగి ఉంచుకోదగిన సొమ్ము. మిగిలిన 20,250 ఆర్డరిచ్చినవానిది.

ఈ లెక్కలో చేరనివి చూడండి. దుకాణం అద్దె చేరలేదు, ఎందుకంటే ఆర్డరు రాకపోయినా అద్దె కట్టవలసిందే. మంచం అమ్మితే వస్తుందనుకున్న లాభం కూడా చేరలేదు. ఈ రెండవ విషయంలో కొంత వివరణ అవసరం. ఆర్డర్లు వరుసలో వేచి ఉన్న రోజుల్లో ఒకటి పోతే ఆ స్థానంలో మరొకటి మొదలవుతుంది. అక్కడ లాభం పోయిందనడం న్యాయం కాదు. ఈ ఆర్డరు కారణంగా చేతికి వచ్చిన మరొక ఖాయమైన పనిని వదులుకున్నట్లు చూపగలిగితే మాత్రం సంగతి వేరు. 2000లో రియాద్‌లో ఫిఖ్హ్ అకాడమీ చేసిన తీర్మానం వాస్తవంగా జరిగిన ఆర్థిక నష్టాన్నీ, చేజారిన నిశ్చితమైన ఆదాయాన్నీ లెక్కించవచ్చునన్నది. మనసుకు కలిగిన కష్టాన్ని లెక్కించరాదన్నది. అసలు నష్టమే జరగలేదని రుజువైతే ముందుగా రాసుకున్న జరిమానా షరతు కూడా చెల్లదని అదే తీర్మానం చెబుతున్నది.

చెక్కిన ఆ తలాపి పలక, కోయించిన ఆ అద్దం రెండు నెలల తరువాత మరొకరి మంచానికీ బీరువాకూ సరిపోయి పూర్తి ధర పలికితే? అప్పుడు 2,500, 1,600 ఇక నష్టం కావు. వాటిని మొదటివానికి చేర్చాలన్నది మా అభిప్రాయం. అలా చేయడం ఇష్టం లేనివారు రద్దు రోజునే ఆ రెండు వస్తువులనూ ఆర్డరిచ్చినవానికి అప్పగించడం మేలు. ఖరీదు అతడు భరించాడు కనుక సామాను అతనిదే.

రద్దు సమయాన్ని బట్టి లెక్క మారుతుంది. ఆర్డరిచ్చిన సాయంత్రమే, కలప కొనకముందే వద్దన్నవానికి 30,000 పూర్తిగా తిరిగి ఇవ్వాలి. వస్తువు కోరిన విధంగా తయారయ్యాక వద్దంటే, దానిని నిజాయితీగా అమ్మి ఎంత తక్కువ వచ్చిందో అంతే మినహాయించుకోవాలి. వలీమా వంటకూ ఇదే వరుస. పది రోజుల ముందు రద్దయితే బియ్యం మరో వంటకు పోతాయి. ముందురోజు రాత్రి మాంసం కోసి, మసాలాలు నూరాక రద్దయితే దాదాపు ఖర్చంతా నష్టమే. కాబట్టి రద్దు చేసుకునేవాని బాధ్యత ఏమిటంటే, సంగతి తెలిసిన రోజునే చెప్పడం. మొహమాటంతో వారం ఆలస్యం చేస్తే ఆ వారంలో జరిగిన ఖర్చు అతని మీదే పడుతుంది. మూడు దుకాణాల్లో ఆర్డరిచ్చి, చౌకగా తేలినదాన్ని ఉంచుకుని తక్కిన రెండూ రద్దు చేసే సోదరులు కొందరున్నారు. వారికి అడ్వాన్సు ఆలస్యంగా తిరిగి వస్తే ఫిర్యాదు చేసే నైతిక బలం తక్కువే.

దేశ చట్టం కూడా ఈ దారికి దగ్గరలోనే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, న్యాయస్థానం దానిని పైహద్దుగా మాత్రమే చూసి, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. 1963లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన ఫతే చంద్, బాల్కిషన్ దాస్ వ్యాజ్యంలో ఢిల్లీలోని ఒక బంగళా అమ్మకం భగ్నమైంది. అమ్మినవాడు బయానాగా పుచ్చుకున్న 1,000 రూపాయలు ఉంచుకోవచ్చునని, తరువాత పుచ్చుకున్న 24,000 మాత్రం నష్టం రుజువు కానందున జప్తు చేసుకోరాదని న్యాయస్థానం తేల్చింది. నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాల కోవలో చేర్చింది. అందువల్ల రసీదు అడుగున ఉన్న ఆ ఒక్క వాక్యం అక్కడ కూడా పూర్తి రక్షణ కాదు.

దానికి బదులు రసీదుపై ఏమి రాయాలి? వస్తువు, కొలత, ధర, అడ్వాన్సు, ఏ తేదీన సరుకు కొంటారో ఆ తేదీ. ఆ తేదీకి ముందు రద్దయితే పూర్తి సొమ్ము, తరువాత రద్దయితే అప్పటికి అయిన ఖర్చు బిల్లులు చూపి మినహాయించి, మిగిలినది ఇన్ని రోజులలో ఇస్తామన్న రెండు వాక్యాలు. కలప, అద్దం బిల్లులను ఆర్డరు నంబరు వేసి దాచడం అలవాటైతే తగవులో సగం అక్కడే తీరిపోతుంది.

ఇక తిరిగి ఇవ్వడం గురించి. చాలామంది ఈ సొమ్మును అమానతు అంటారు. ఖచ్చితంగా చెప్పాలంటే, ఆర్డరు ఉన్నంతవరకు అడ్వాన్సు ధరలో భాగం. దుకాణదారుడు దానిని ఖర్చు చేయవచ్చు. రద్దయిన క్షణాన మిగులు అతని మీద అప్పు అవుతుంది. అందుకే దుకాణంలో దొంగతనం జరిగినా ఆ బాకీ తీరదు. ‘మరో ఆర్డరు వచ్చాక ఇస్తాను’ అనడం చేతిలో సొమ్ము ఉన్నవానికి తగదు. ఇవ్వగలిగినవాడు జాప్యం చేయడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దౌర్జన్యంగా పేర్కొన్నారు. సొమ్ముకు బదులు దుకాణంలోని వేరే సామాను తీసుకోమని చెప్పవచ్చు గాని, అతడు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది.

ఒక్కోసారి సొమ్ము కట్టినవాడే తిరిగి రాడు. గోదావరిఖనికో, మందమర్రికో, భూపాలపల్లికో బదిలీ అయి ఉంటాడు. లేదా రిటైరై సొంత ఊరికి వెళ్ళి ఉంటాడు. అతని పేరు, లెక్క రాసి సొమ్మును వేరుగా పెట్టి, పనిచేసిన గనిలోని తోటివారినీ, పాత క్వార్టరు ఇరుగుపొరుగునూ విచారించాలి. మరణించాడని తెలిస్తే వారసులకు అందించాలి. వెదకి వెదకి ఆశ వదులుకున్నాకనే అతని పక్షాన పేదలకు దానం చేయాలి. ఆ తరువాత ఏనాడైనా అతడు రసీదు పట్టుకుని వచ్చి, ఆ దానం తనకు సమ్మతం కాదంటే, దుకాణదారుడు తన జేబు నుండి ఆ సొమ్ము లెక్కపెట్టి ఇవ్వవలసిందే.