మూడుకు ఒకటి ఎలా వచ్చింది?

3:1, 9:3:3:1 అనే నిష్పత్తులు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. కానీ ప్రశ్నను కాస్త మార్చి అడిగితే కంఠస్థం చేసిన అంకె అక్కరకు రాదు. అందుకే ఆ అంకెలు ఎలా పుట్టాయో ఇవాళ చూద్దాం.

గ్రెగర్ మెండల్ 1866లో ప్రచురించిన బఠానీ ప్రయోగాల్లో ఒకదాన్ని తీసుకుందాం. ఎప్పుడూ గుండ్రని గింజలే ఇచ్చే మొక్కను, ఎప్పుడూ ముడతలు పడిన గింజలే ఇచ్చే మొక్కతో ఆయన సంకరణం చేశాడు. మొదటి తరం గింజలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. వాటి నుంచి పెరిగిన మొక్కల్లో ఆత్మపరాగ సంపర్కం జరిగాక, రెండో తరంలో 7,324 గింజలు వచ్చాయి. వాటిలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలు పడినవి. భాగించి చూడండి, 2.96:1 వస్తుంది.

దీనికి కారణం ఏమిటి? గుండ్రని లక్షణానికి R, ముడతల లక్షణానికి r అని రాసుకుందాం. మొదటి తరం మొక్క జన్యురూపం Rr. సంయోగబీజాలు ఏర్పడేటప్పుడు ఈ రెండూ విడిపోతాయి. కాబట్టి సగం సంయోగబీజాల్లో R, మిగతా సగంలో r ఉంటాయి. పుప్పొడిలోనూ అండాల్లోనూ ఇదే పరిస్థితి. రెండు వైపుల నుంచీ R వచ్చే అవకాశం ½ × ½ = ¼. రెండు వైపుల నుంచీ r వచ్చే అవకాశమూ ¼. Rr మాత్రం రెండు దారుల్లో వస్తుంది. పుప్పొడి నుంచి R, అండం నుంచి r రావచ్చు, లేదా అటుది ఇటు కావచ్చు. అందువల్ల దాని వాటా ½. అంటే జన్యురూప నిష్పత్తి 1:2:1. R బహిర్గత లక్షణం కనుక RR, Rr రెండూ కంటికి గుండ్రంగానే కనిపిస్తాయి. అలా దృశ్యరూప నిష్పత్తి 3:1 అయింది.

కంటికి ఒకేలా ఉన్నా ఆ గుండ్రని గింజలు రెండు రకాలని మెండల్ రుజువు చేశాడు. రెండో తరం గుండ్రని గింజల నుంచి 565 మొక్కలు పెంచితే, 193 మొక్కలు గుండ్రని గింజలే ఇచ్చాయి. 372 మొక్కలు రెండు రకాలూ ఇచ్చాయి. ఇది దాదాపు 1:2.

పరీక్షల్లో పొరపాటు జరిగేది ఇక్కడే. “రెండో తరంలోని ఒక గుండ్రని గింజ విషమయుగ్మజం కావడానికి సంభావ్యత ఎంత?” అని అడిగితే చాలామంది ½ అని రాస్తారు. గింజ గుండ్రనిదని ప్రశ్నలోనే చెప్పారు కదా, కాబట్టి పట్టికలో rr గడిని కొట్టివేయాలి. మిగిలిన మూడు గడుల్లో రెండు Rr. జవాబు 2/3.

ఇక రంగును కూడా కలుపుదాం. పసుపు గింజలు ¾, ఆకుపచ్చవి ¼. గుండ్రని పసుపు గింజలు ¾ × ¾ = 9/16. గుండ్రని ఆకుపచ్చవి ¾ × ¼ = 3/16. ముడతల పసుపు గింజలూ 3/16. ముడతల ఆకుపచ్చవి ¼ × ¼ = 1/16. ఇదే 9:3:3:1. మెండల్‌కు 556 గింజల్లో ఇవి వరుసగా 315, 108, 101, 32 వచ్చాయి.

ఇలా గుణించాలంటే రెండు జన్యువులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సంయోగబీజాల్లోకి చేరాలి. అవి ఒకే క్రోమోజోమ్‌పై దగ్గరదగ్గరగా ఉంటే ఎక్కువగా కలిసే వెళ్తాయి, అప్పుడు 9:3:3:1 రాదు. కాబట్టి ప్రశ్నలో సహలగ్నత అనే మాట ఉందేమో ముందు చూడండి. లేకపోతే ఒక్కో లక్షణానికి విడిగా నిష్పత్తి రాసి, ఆ తర్వాతే గుణించండి.