పటం కింద రెండు మాటలు

2011 జనాభా లెక్కలు చూసి మనం ఒక పటం గీశాం. ఏడేళ్లు నిండిన ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు దేశం మొత్తంలో నూటికి 64.6, ఎస్సీల్లో 56.5. రెండు కడ్డీలు, అంతే.

కింద ‘అక్షరాస్యత వివరాలు’ అని రాస్తే వాడకి ఏం తెలుస్తది? ‘ఎస్సీ ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు నూటికి 8 మంది తక్కువ: 2011 జనగణన’ అని రాద్దాం.

చూపులేని తమ్ముడికి ఫోను చదివి వినిపిస్తది. కానీ బొమ్మలో కలిసిపోయిన అంకెల్ని అది ప్రతిసారీ సరిగా చదవలేదు. అందుకే బొమ్మ పెట్టేటప్పుడు ‘ఆల్ట్ టెక్స్ట్’ గడిలో ఇలా కొట్టాలి: ‘రెండు కడ్డీల పటం. ఆడవాళ్ల అక్షరాస్యత, నూటికి: దేశం మొత్తం 64.6, ఎస్సీలు 56.5.’ ‘ఎర్ర కడ్డీ పొట్టిది’ అంటే ఆయనకేం లాభం?

పెట్టాక టాక్‌బ్యాక్ వేసి, కళ్లు మూసుకొని వినండి. రెండంకెలూ వినపడకపోతే మళ్లీ రాద్దాం.