వడ్డీని "ఆసక్తి" అన్న పేజీ



పొదుపు సంఘంలో ఒకామెకు ఫోనులో బ్యాంకు పేరుతో ఒక పేజీ వచ్చింది. ఆమె కూడబలుక్కుని చదివింది. "తక్కువ ఆసక్తి రేటు. ఇప్పుడే వర్తించండి" అని ఉంది.

అప్పుకు ఆసక్తి ఏమిటి? ఇంగ్లీషులో వడ్డీకీ, ఆసక్తికీ "ఇంటరెస్టు" అని ఒకటే మాట. మిషను తెలుగు చేసేటప్పుడు తప్పు అర్థం వేసింది. "దరఖాస్తు చేసుకోండి" అనాల్సింది అలాగే "వర్తించండి" అయింది. అప్పిచ్చేవాడు వడ్డీ మాట మరిచిపోతాడా? తెలుగు మనిషి ఎవరూ ఆ పేజీని చదివి దిద్దలేదన్నమాట.

తెలుగు బాగాలేని ప్రతి పేజీ మోసం కాదు. మంచి తెలుగు రాసే దొంగలూ ఉన్నారు. అందుకని ఆమె కిందదాకా చదివింది. అప్పు చేతికి రాకముందే 1,500 రూపాయలు ఫీజు కట్టమని ఉంది. ఆమె కట్టలేదు. బ్యాంకుకే వెళ్ళి అడిగింది. ఆ పేజీ తమది కాదన్నారు.

డబ్బు కట్టేసినవాళ్ళు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.